హాస్టల్ మొదటి సెమిస్టర్‌లో ఒంటరితనం: ఏ పుస్తకం, ఏ వారం, ఎంతవరకు చదవాలి

హాస్టల్‌లో చేరిన మొదటి వారం ఒంటరితనం పెద్దగా తెలియదు. బకెట్టు, పరుపు, ఐడీ కార్డు, క్లాసులు ఎక్కడో వెతుక్కోవడం, ఈ హడావిడితోనే రోజు గడిచిపోతుంది. మూడో వారానికి అవన్నీ సర్దుకుంటాయి. మెస్‌లో ఎవరి టేబుల్ వాళ్లకు కుదిరిపోయినట్టు, మీకు మాత్రమే చోటు లేనట్టు కనిపించడం మొదలవుతుంది. రాత్రి పడుకుని ఫోన్‌లో ఏ పుస్తకం చదివితే ఇది పోతుందా అని వెతుకుతారు. బోలెడు పేర్లు వస్తాయి. వాటిలో చాలావరకు ఉద్యోగస్తుల కోసమో, వ్యాపారం చేసేవాళ్ల కోసమో, నడివయసులో ఒంటరైపోయినవాళ్ల కోసమో రాసినవి.

ఈ మార్గదర్శి బెంగళూరులో చదవడానికి వచ్చిన తెలుగు పిల్లల కోసం. ముఖ్యంగా ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివి వచ్చినవాళ్ల కోసం. ఆ రెండేళ్లలో మీకు స్నేహితులు ఉండే ఉంటారు. కానీ పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా మిమ్మల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది టైమ్ టేబుల్. ఎవరితో కూర్చోవాలి, ఎవరిని ముందు పలకరించాలి, సెలవు రోజు ఎవరిని పిలవాలి అని మీరు నిర్ణయించుకోవాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ ఆ టైమ్ టేబుల్ లేదు. మీకు మాట్లాడటం రాకపోవడం కాదు, ఆ పని మీ చేతికి రావడం ఇదే మొదటిసారి. అందుకే మూడు పుస్తకాలు, ఒక సెమిస్టర్, ఒక్కో పుస్తకం తర్వాత చేయాల్సిన పని, ఇంతవరకే చెబుతాను.

చదవడానికి ముందు చూసుకోవాల్సింది

మీ బాధ ఒంటరితనమేనా అన్నది ముందు తేల్చుకోండి. సీనియర్లు రూమ్‌కి పిలిపించి ఏడిపిస్తున్నా, రూమ్మేట్ మీ భాష మీదో, కులం మీదో, రంగు మీదో మాటలు అంటున్నా అది ఒంటరితనం కాదు, వేధింపు. దానికి పుస్తకం మందు కాదు. యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఇంట్లో చెప్పండి, వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. స్నేహం పెంచుకునే పుస్తకాలు చదివి వేధించేవాళ్లతో సర్దుకుపోవడం నేర్చుకున్న పిల్లలు ఉంటారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అది కాకపోతే, మీకు కరువైన తోడు ఏ రకం అన్నది చూడాలి. దీనికి పనికొచ్చే పుస్తకం వివేక్ మూర్తి రాసిన 'టుగెదర్', 2020లో వచ్చింది. ఆయన అమెరికా ప్రభుత్వంలో సర్జన్ జనరల్‌గా పనిచేసిన డాక్టర్. వాళ్ల కుటుంబ మూలాలు మనకు దగ్గరే, మండ్య జిల్లా హల్లెగెరెలో. ఒంటరితనం మూడు రకాలుగా ఉంటుందని ఆ పుస్తకం వివరిస్తుంది. మనసులో మాట పూర్తిగా చెప్పుకునే ఒక్క మనిషి లేకపోవడం ఒకటి. కలిసి తిని, తిరిగి, నవ్వుకునే నలుగురు లేకపోవడం రెండోది. మనవాళ్లు అనుకునే పెద్ద గుంపు, ఊరు, సంఘం లాంటిది లేకపోవడం మూడోది. ఒకటి ఉన్నా మిగతావి లేకపోతే లోటు తెలుస్తుంది.

దీన్ని హాస్టల్‌కు అన్వయించుకుంటే చాలా గందరగోళం తీరుతుంది. రోజూ రాత్రి ఇంటర్ ఫ్రెండ్‌తో గంట మాట్లాడే పిల్లకు మొదటి రకం తోడు ఉంది. అయినా మెస్‌కి ఒక్కతే వెళ్తుంది, ఎందుకంటే రెండోది లేదు. ఆ ఫోన్ గంటను రెండు గంటలు చేసినా రెండోది రాదు. అలాగే మన తెలుగువాళ్ల గ్యాంగ్‌లో పదిమందితో తిరిగే అబ్బాయికి రెండోది, మూడోది ఉన్నాయి. నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడన్న దిగులు చెప్పుకోవడానికి ఆ పదిమందిలో ఒక్కడూ కనిపించకపోతే అతనికి కరువైంది మొదటిది. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

'టుగెదర్' మొత్తం మొదట్లోనే చదవనక్కర్లేదు. మొదటి భాగం చదివి, ఒక కాగితం మీద మూడు వరుసలు గీసి, ఒక్కో దాని ఎదుట బెంగళూరులో ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే రాయండి. ఏ వరుస ఖాళీగా ఉందో అదే ఈ సెమిస్టర్ పని. పుస్తకం రెండో భాగం కుటుంబం, సమాజం వైపు వెళ్తుంది. అది సెలవుల్లో చదువుకోవచ్చు.

మొదటి అసలు పుస్తకం: మనసు చేసే తప్పు లెక్క

జాన్ కాచియోప్పో షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తగా ఉండేవాడు. ఒంటరితనం మీద దశాబ్దాలు పనిచేశాడు. విలియం ప్యాట్రిక్‌తో కలిసి 2008లో 'లోన్లీనెస్' అనే పుస్తకం తెచ్చాడు. స్నేహం చేసుకునే చిట్కాల పుస్తకాల కంటే ముందు దీన్ని చదవమంటాను. కారణం ఉంది. ఒంటరితనం తగ్గించే రకరకాల పద్ధతుల మీద జరిగిన అధ్యయనాలను కాచియోప్పో బృందం తర్వాత పోల్చి చూసింది. మాట్లాడే నేర్పు నేర్పించడం, మనుషుల్ని ఒకచోట చేర్చడం, ఆసరా ఇవ్వడం, ఇతరుల గురించి మనసులో కలిగే తప్పుడు ఊహలను సరిచేయడం, ఈ నాలుగింటిలో చివరిదే ఎక్కువగా పనిచేసినట్టు తేలింది.

పుస్తకం సారం ఇది. ఆకలి ఒంటికి తిండి కావాలని చెప్పినట్టే, ఒంటరితనం మనిషికి మనుషులు కావాలని చెబుతుంది. అది జబ్బూ కాదు, లోపమూ కాదు. చిక్కు తర్వాత వస్తుంది. ఒంటరిగా ఉన్న మనసు తనకు తెలియకుండానే ప్రమాదాన్ని వెతుకుతుంది. ఎవరైనా మామూలుగా చూసినా చిరాగ్గా చూసినట్టు తోస్తుంది. అలా తోచాక మనం ముభావంగా ఉంటాం. మనం ముభావంగా ఉంటే అవతలివాళ్లూ దూరం జరుగుతారు. నేను అనుకున్నదే నిజం అని మనకు రుజువు దొరికినట్టు అవుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లకు మాట్లాడే నేర్పు తక్కువ అన్నది నిజం కాదని, ఉన్న నేర్పు ఆ బెదురులో బయటికి రాదని పుస్తకం వాదిస్తుంది. ఇది ఒక్కటి బాగా అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

శరీరం, జన్యువులు, పరిణామం గురించిన అధ్యాయాలు బరువుగా ఉంటాయి. ఇంగ్లీషు కూడా అంత తేలిక కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వాటి దగ్గర ఆగిపోకుండా చివరి అధ్యాయాలకు వెళ్లండి. అక్కడ నాలుగు మెట్లు ఉంటాయి. ముందు చిన్నగా, ఏమీ ఆశించకుండా పలకరింపులు మొదలుపెట్టడం. తర్వాత, నా స్థితి కొంతైనా నా చేతిలో ఉందని గుర్తించి ఒక పథకం వేసుకోవడం. మూడోది, అందరి వెంటా పడకుండా మనకు సరిపడే మనుషుల్ని ఎంచుకోవడం. నాలుగోది, ఎదుటివాళ్ల నుంచి మంచినే ఆశించడం.

చదువుతున్న వారమంతా ఒక చిన్న నోట్‌బుక్‌లో మూడు గళ్లు రాయండి: ఏం జరిగింది, నేను ఏం అనుకున్నాను, ఇంకేం అయి ఉండవచ్చు. మొదటి గడిలో కెమెరాకు కనిపించేది మాత్రమే రాయాలి. "తను నన్ను పట్టించుకోలేదు" అన్నది మొదటి గడిది కాదు. "రూమ్‌లోకి వచ్చింది, ఇయర్‌ఫోన్స్ తీయలేదు, మంచం ఎక్కింది" అన్నది మొదటి గడిది. మూడో గడి నింపడం మొదట్లో కష్టం. నాలుగైదు రోజులకు చేయి తిరుగుతుంది.

రెండో పుస్తకం: వెళ్లడం, వెళ్లాక కలవడం

మరీసా ఫ్రాంకో రాసిన 'ప్లాటోనిక్' 2022లో వచ్చింది. కాచియోప్పో చెప్పినదాన్ని ఆచరణలో పెట్టడానికి ఇప్పుడు దొరికే పుస్తకాల్లో ఇది మేలు అని నా అభిప్రాయం. ఇంగ్లీషు తేలిక. ఇందులో హాస్టల్ విద్యార్థికి అన్నిటికన్నా పనికొచ్చేది రెండు రకాల తప్పించుకోవడం గురించిన మాట. ఒకటి, అసలు వెళ్లకపోవడం. రెండోది, వెళ్లి కూడా కలవకపోవడం. డిపార్ట్‌మెంట్ ఫెస్ట్‌కి వెళ్లి మూలన నిలబడి ఫోన్ చూసుకోవడం రెండోది. నేను వెళ్లాను కదా, అయినా ఎవరూ మాట్లాడలేదు అని బాధపడేవాళ్లు చాలావరకు ఈ రెండో దాంట్లో ఉంటారు. వెళ్లిన చోట ఇద్దరి దగ్గరికి మీరే వెళ్లి పేరు చెప్పి పలకరించాలి. అప్పుడే వెళ్లినట్టు లెక్క.

ఎదుటివాళ్లకు మీరు నచ్చుతారనే అనుకుని మాట్లాడమని కూడా ఫ్రాంకో చెబుతుంది. ఇది ఉత్త ధైర్యం చెప్పడం కాదు. కొత్తవాళ్లతో మాట్లాడాక అవతలివాళ్లకు మనం నిజంగా నచ్చిన దానికంటే తక్కువ నచ్చామని అనుకుంటామని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అందులో కాలేజీ హాస్టల్‌లో కలిసి ఉంటున్న మొదటి ఏడాది విద్యార్థులు కూడా ఉన్నారు. వాళ్లలో ఈ తేడా నెలల తరబడి పోలేదు. అంటే మీ రూమ్మేట్ కూడా ఇప్పుడు మీ గురించి ఇదే అనుకుంటూ ఉండే అవకాశం చాలా ఉంది.

పుస్తకంలో అటాచ్‌మెంట్ రకాల గురించి చాలా పేజీలు ఉంటాయి: నిశ్చింతగా ఉండేవాళ్లు, వదిలేస్తారేమోనని భయపడేవాళ్లు, దగ్గరవడానికి వెనకాడేవాళ్లు అని. ఇక్కడ జాగ్రత్త. పద్దెనిమిదేళ్ల వయసులో, ఇల్లు వదిలి నెల తిరగకముందే, నేను ఈ రకం అని పేరు తగిలించుకోవద్దు. ఇప్పుడు మీకున్న బెదురులో సగం కొత్త చోటుది, మీది కాదు. ఆ పేజీలు చదవండి, మీ మీద ముద్ర వేసుకోకండి.

గంటల లెక్క

స్నేహానికి ఎంత సమయం పడుతుంది? కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ దీన్ని లెక్కగట్టాడు. ఊరు మారినవాళ్లనూ, కొత్తగా కాలేజీలో చేరిన విద్యార్థులనూ అడిగి చూశాడు. పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి సుమారు 90, ప్రాణస్నేహితుడు కావడానికి 200 గంటల పైన పట్టింది. క్లాసులోనో, పని దగ్గరో పక్కపక్కన గడిపిన సమయం అంతగా లెక్కలోకి రాలేదు. కలిసి తినడం, తిరగడం, ఊరికే కూర్చుని మాట్లాడటం లెక్కలోకి వచ్చాయి. ఇవి అమెరికాలో తేలిన సగటు అంకెలు. మీకు అచ్చంగా ఇవే వర్తించవు. కానీ పని ఎంత పెద్దదో చెబుతాయి.

మెస్‌లో ఒకే మనిషితో రోజూ అరగంట, వారానికి ఆరు రోజులు అనుకోండి. వారానికి మూడు గంటలు. 50 గంటలకు దాదాపు పదిహేడు వారాలు, అంటే సెమిస్టర్ మొత్తం. దానికి శనివారం నాలుగు గంటల అవుటింగ్ కలిపితే వారానికి ఏడు గంటలు, ఎనిమిదో వారంలో 50 దాటుతాయి. అందుకే నాలుగో వారంలోనే నాకు ఎవరూ లేరు అని తీర్పు చెప్పుకోవడం తొందర. ఆ సమయానికి ఎవరికైనా పరిచయాలే ఉంటాయి. పక్క టేబుల్ గ్యాంగ్ కూడా చాలావరకు అంతే.

ఈ లెక్కలో మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. అమ్మ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది, అన్నం తిన్నావా అని. సరిగ్గా అదే మెస్ టైమ్. ఫోన్ చెవికి పెట్టుకుని తింటే ఆ అరగంట పోయినట్టే, పైగా మీ పక్కన కూర్చోవాలనుకున్నవాళ్లు వేరే టేబుల్ చూసుకుంటారు. అమ్మకు చెప్పండి: "అమ్మా, తొమ్మిదిన్నరకు నేనే చేస్తా." ఆ మాట తప్పకండి.

ఒక ఉదాహరణ, వారం వారం

ప్రొద్దుటూరు నుంచి కెంగేరి వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చిన అమ్మాయిని ఊహించుకుందాం. రూమ్‌లో ఇద్దరు: ఒకరిది హుబ్బళ్లి, ఒకరిది పట్నా. తనకు కన్నడం రాదు, హిందీ అంతంతమాత్రం. రెండో అంతస్తులో ఎనిమిదిమంది తెలుగమ్మాయిల గ్యాంగ్ ఉంది, గుంటూరు, విజయవాడ వైపు వాళ్లు. ఇంటర్‌లో ఒకే కాలేజీ. వాళ్ల పాత కబుర్లలో ఈ అమ్మాయికి చోటు దొరకడం లేదు. తన యాస మీద ఒకసారి నవ్వారు కూడా.

మూడో వారం: 'టుగెదర్' మొదటి భాగం చదివి మూడు వరుసలు రాసింది. మూడూ ఖాళీ. అలాంటప్పుడు రెండో వరుస నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే మనసు విప్పి చెప్పుకునే మనిషి ఆ నలుగురిలోంచే వస్తుంది.

నాలుగో వారం: 'లోన్లీనెస్', మూడు గళ్ల నోట్‌బుక్. పట్నా అమ్మాయి రూమ్‌లోకి వచ్చి ఎవరినీ చూడకుండా పడుకుంది. రెండో గడిలో "నేనంటే పడదు" అని రాసింది. మూడో గడిలో చాలాసేపు ఏమీ తోచక, చివరికి "ఇంటి నుంచి ఫోన్ వచ్చి ఉండొచ్చు" అని రాసింది. మరుసటి రోజు "ఖానా ఖాయా?" అని అడిగింది. ఒక్క నిమిషం మాట. అంతే చాలు, ఈ వారం పని అదే. మెస్‌లో వడ్డించే అక్కను "ఊట ఆయ్తా అక్కా?" అని పలకరించింది. ఇలాంటి పలకరింపులు స్నేహం కోసం కాదు. బెదిరిన మనసుకు మనుషుల దగ్గర మంచి జవాబు వస్తుందని అలవాటు చేయడానికి.

ఐదో వారం: ఎంపిక. ఎనిమిదిమంది గ్యాంగ్‌లోకి దూరడం కష్టం, అవసరమూ లేదు. కానీ వాళ్లలో ఒకమ్మాయి రోజూ మెల్లగా తింటుంది, మిగతావాళ్లు లేచి వెళ్లాక పది నిమిషాలు ఒక్కతే కూర్చుంటుంది. గుంపుతో కాదు, ఆ అమ్మాయితో మొదలుపెట్టాలి. ఇంకొకరు ల్యాబ్ పార్ట్‌నర్, హాసన్ అమ్మాయి, తనలాగే చిన్న ఊరు నుంచి వచ్చింది, తనలాగే ఇంగ్లీషులో తడబడుతుంది. ఈ ఇద్దరే ఈ సెమిస్టర్‌కు. రూమ్మేట్లతో మర్యాదగా, హాయిగా ఉంటే సరిపోతుంది. రూమ్మేటే ప్రాణస్నేహితురాలు కావాలనే ఆశ మొదటి ఏడాది పిల్లల్ని చాలా కుంగదీస్తుంది.

చోటు కూడా ఎంచుకోవాలి. 1950లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల ఇళ్ల మీద ఫెస్టింగర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, గుమ్మాలు ఎదురుగా ఉన్నవాళ్లు, మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువగా స్నేహితులయ్యారు. హాస్టల్‌లో ఆ చోట్లు వాటర్ ఫిల్టర్, వాషింగ్ మెషిన్, వరండా. సాయంత్రం గంటసేపు తలుపు వేసుకోకుండా చదువుకోవడం, బట్టలు రోజూ ఒకే సమయానికి ఉతుక్కోవడం, మెస్‌లో ఒకే టేబుల్ దగ్గర కూర్చోవడం, ఇవి సిగ్గరి పిల్లలకు ఏ చిట్కా కన్నా మేలు చేస్తాయి. మాట్లాడకపోయినా పదేపదే కనిపించే మనిషి నచ్చడం మొదలవుతుందని కూడా పరిశోధనలు చూపించాయి.

ఆరో వారం: 'ప్లాటోనిక్' సగం అయింది, ఇక పిలవాలి. "ఎప్పుడైనా బయటికి వెళ్దాం" అంటే ఎవరూ రారు, ఎందుకంటే దానికి అవును అని చెప్పాక చేయాల్సిందేమీ ఉండదు. రోజు, చోటు, తిరిగి వచ్చే సమయం, మూడూ ఉండాలి. "శనివారం పొద్దున కబ్బన్ పార్క్‌కి వెళ్తున్నా, మెట్రోలో. ఒంటిగంటకల్లా వచ్చేస్తాం. వస్తావా?" హాసన్ అమ్మాయి వస్తానంది. తెలుగమ్మాయి కుదరదంది. రెండు వారాల తర్వాత ఇంకోసారి అడగాలి. రెండుసార్లు వద్దని, తన వైపు నుంచి వేరే రోజు కూడా చెప్పకపోతే అక్కడితో ఆపాలి, పలకరింపు మాత్రం ఆపకూడదు.

పదో వారానికి ఫలితం ఇలా ఉంటుందని ఆశించవచ్చు. హాసన్ అమ్మాయితో స్నేహం కుదిరింది. తెలుగమ్మాయితో రాత్రి మెస్‌లో మాటలు నడుస్తున్నాయి, అంతకుమించి లేదు. పట్నా అమ్మాయితో గొడవ లేదు. రెండో వరుసలో ఒకటిన్నర పేరు, మొదటి వరుస ఇంకా ఖాళీ. ఇది ఓటమి కాదు, పది వారాలకు ఇదే మామూలు.

పుస్తకమే తోడుగా తీసుకెళ్లే చోట్లు

కబ్బన్ పార్క్ అని ఊరికే అనలేదు. 2023 నుంచి అక్కడ శనివారం పొద్దున కబ్బన్ రీడ్స్ పేరుతో జనం చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్లు మౌనంగా చదువుకుంటున్నారు. టికెట్ లేదు, చర్చలో మాట్లాడాలన్న ఒత్తిడి లేదు. సిగ్గుపడే మనిషికి ఇంతకన్నా అనువైన చోటు బెంగళూరులో నాకు తెలియదు. పర్పుల్ లైన్‌లో కెంగేరి నుంచి కబ్బన్ పార్క్ స్టేషన్‌కు మారకుండా వెళ్లవచ్చు. ఇద్దరు కలిసి వెళ్తే రానూపోనూ మెట్రోలో పక్కపక్కన కూర్చున్న సమయమే అసలు లాభం. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కష్టమైనవాళ్లకు పక్కపక్కన కూర్చుని కిటికీ చూస్తూ మాట్లాడటం తేలిక. లేడీస్ హాస్టల్‌లో అవుట్ పాస్ ముందురోజే రాయించుకోవాలి.

పార్క్‌లోనే ఎర్ర భవనంలో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడి నుంచి చర్చ్ స్ట్రీట్ దగ్గరే. బ్లాసమ్, బుక్‌వర్మ్ షాపుల్లో పాత పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. పైన చెప్పిన మూడింటిలో ఒక్కటే కొనగలిగితే 'ప్లాటోనిక్' కొనండి. మిగతావి మీ కాలేజీ లైబ్రేరియన్‌ను అడగండి, లేకపోతే తెప్పించమని రాసివ్వండి.

ఇప్పుడు వద్దు, తర్వాత చదవండి

డేల్ కార్నెగీ 1936లో రాసిన పుస్తకం, స్నేహితుల్ని సంపాదించుకోవడం గురించినది, తెలుగులో కూడా దొరుకుతుంది కాబట్టి ఎవరో ఒకరు మీ చేతిలో పెడతారు. పేరు గుర్తుంచుకోండి, ఎదుటివాళ్ల సంగతులు నిజంగా ఆసక్తితో వినండి అన్న మాటలు ఈనాటికీ పనికొస్తాయి. కానీ అది ప్రధానంగా వ్యాపారంలో ఉన్నవాళ్ల కోసం పుట్టిన పుస్తకం. అందరికీ నచ్చడం నేర్పుతుంది. మీ బాధ ఒకరికి చెప్పుకోవడం నేర్పదు. మొదటి వరుస ఖాళీగా ఉన్నవాళ్లకు అది సరిపోదు. సూజన్ కెయిన్ 'క్వైట్' (2012) మంచి పుస్తకం, కానీ నేను ఇంట్రోవర్ట్‌ని కదా అని తలుపు వేసుకోవడానికి సాకుగా మారే ప్రమాదం ఉంది. మౌనంగా ఉండే మనిషికీ ఒకరిద్దరు కావాలి.

నవలల విషయంలో ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. తెలుగులో హాస్టల్ విద్యార్థి మనసును నవీన్ 'అంపశయ్య' (1969) పట్టుకున్నంతగా మరో నవల పట్టుకోలేదని నా నమ్మకం. ఉస్మానియా హాస్టల్‌లో రవి అనే పేద విద్యార్థి ఒక్క రోజు. డబ్బు లేని సిగ్గు, తోటివాళ్ల ముందు చిన్నబోవడం, మనసులో ఆగకుండా తిరిగే మాటలు, అన్నీ ఉంటాయి. నాకు ఒక్కడికే ఇలా లేదు అని తెలియడానికి అది గొప్ప తోడు. దారి చూపించదు, చూపించడం దాని పని కాదు. అందుకని దాన్ని కనీసం ఒక స్నేహం మొదలయ్యాక, పగటిపూట చదవండి. దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు విశాలాంధ్ర, నవోదయ లాంటి షాపుల్లో అడగండి. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రెండో ఏడాదికి ఉంచుకోండి. కాలేజీల్లో చేతులు మారే మురకామి 'నార్వేజియన్ వుడ్' కథ టోక్యో హాస్టల్‌లో నడుస్తుంది, అందంగా ఉంటుంది, కానీ అందులో ఆత్మహత్యలు ఉన్నాయి. మనసు బాగాలేని నెలల్లో అది చదవవద్దని గట్టిగా చెబుతున్నాను.

దారి తప్పుతున్నామని ఎలా తెలుస్తుంది

మూడో పుస్తకం మొదలుపెట్టారు, ఇంకా ఒక్కరితో కూడా కలిసి తినలేదు అంటే చదవడమే దాక్కోవడం అయింది. పుస్తకం పక్కనపెట్టి ఆ రాత్రి మెస్‌లో ఒకరి పక్కన కూర్చోండి. ఎవరైనా కాస్త దయగా మాట్లాడగానే మూడో రోజే ఇంటి కష్టాలన్నీ చెప్పేయడం ఇంకో తప్పు. అది దగ్గరితనంలా అనిపిస్తుంది, కానీ అవతలివాళ్లకు మోయలేనంత అవుతుంది. ఒక చిన్న సంగతి చెప్పి, వాళ్లు తమది ఒకటి చెబుతారా అని చూడండి. చెబితే ఇంకో మెట్టు. మీ నోట్స్, మీ డబ్బు, మీ అసైన్‌మెంట్ కోసం తప్ప మీ దగ్గరికి రాని గుంపును గుర్తించడానికి ఒక దారి ఉంది: ఒక్క వారం అవి ఏవీ ఇవ్వకండి, ఎవరు పలకరిస్తారో చూడండి.

రెండు వారాలుగా నిద్ర లేకపోతే, తిండి మానేస్తే, క్లాసులకు వెళ్లలేకపోతే, బతకాలని అనిపించకపోతే పుస్తకాలన్నీ మూసేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మీరున్న ఊళ్లోనే, హోసూరు రోడ్డులో ఉంది. చచ్చిపోవాలని ఆలోచన వస్తే ఆ రాత్రే రూమ్మేట్‌ను లేపి చెప్పండి, ఆమె మీకు స్నేహితురాలు కాకపోయినా సరే.

ఏడాది చివర చాలా హాస్టళ్లలో వచ్చే సంవత్సరం ఎవరితో రూమ్ కావాలో రాసివ్వమని ఫారం ఇస్తారు. చివరి రోజు దాకా ఆగితే మిగిలినవాళ్లతో వేస్తారు. ఫారం వస్తుందని తెలిసిన నెలలోనే అడగండి, మెట్రోలోనో మెస్‌లోనో, మామూలు మాటల మధ్యలో: "వచ్చే ఏడాది నీతో రూమ్ రాసుకోనా?"